ప్రవర్తన నిబంధన: ఒప్పందం రద్దు చేయడం వేరు, డబ్బు ఆపడం వేరు

2022 అక్టోబరు 25న అడిడాస్ ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. యూదులపై ద్వేషపూరిత వ్యాఖ్యలు చేసిన అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్‌తో భాగస్వామ్యం తక్షణం ముగుస్తోంది, ఆయన పేరుతో వచ్చే యీజీ ఉత్పత్తుల తయారీ ఆగుతుంది, ఆయనకూ ఆయన కంపెనీలకూ చెల్లింపులన్నీ ఆపేస్తున్నాం అన్నది అందులోని సారాంశం. చదివినవారికి ఇదంతా ఒకే నిర్ణయంలా కనిపించింది. కానీ ఆ వివాదాలు పూర్తిగా సద్దుమణగడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. రెండు పక్షాలూ డబ్బు ఇచ్చిపుచ్చుకోకుండానే కేసులన్నీ వదులుకున్నాయి. ఇంత కాలం పట్టడంలో వింతేమీ లేదు. ప్రచారం చేసే వ్యక్తి ప్రవర్తన చెడ్డపేరు తెస్తే ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు ప్రవర్తన నిబంధన అనే షరతు నుంచి వస్తుంది. డబ్బు ఆపే హక్కు మాత్రం చాలాసార్లు వేరే నిబంధనల నుంచి రావాలి, ఒక్కోసారి అది ఎక్కడా ఉండదు కూడా. ఈ రెంటినీ ఒకటే అనుకున్న బ్రాండ్లు, అసలు కారణం న్యాయమైనదే అయినా, డబ్బు దగ్గర దెబ్బ తింటాయి.

ఈ గొడవలు చాలావరకు మధ్యవర్తిత్వంలో తలుపులు మూసుకుని తేలిపోతాయి. అందుకే నిబంధన మాటలు, ఉత్తరం తేదీలు, ప్రకటన పాఠం అన్నీ కోర్టు రికార్డులోకి ఎక్కిన కేసులు అరుదు. అలాంటి అరుదైన వాటిలో ఒకటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రషార్డ్ మెండెన్‌హాల్‌కూ హేన్స్‌బ్రాండ్స్ కంపెనీకీ మధ్య నడిచింది. ప్రవర్తన నిబంధన ఎలా పనిచేస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుసుకోవడానికి దాన్ని వివరంగా చూడాలి.

ఒక్క సవరణ తెచ్చిన తేడా

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆటగాడైన మెండెన్‌హాల్ 2008 మేలో హేన్స్‌బ్రాండ్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆ కంపెనీకి చెందిన ఛాంపియన్ క్రీడా దుస్తులకు ప్రచారం చేయాలి. మొదటి ఒప్పందంలోని ప్రవర్తన నిబంధన ఇరుకైనది. ఆటగాణ్ణి తీవ్ర నేరంలోనో నైతిక పతనం అనదగ్గ నేరంలోనో అరెస్టు చేసి అభియోగం మోపితే, లేదా శిక్ష పడితే, అప్పుడే కంపెనీ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అంటే పోలీసు కాగితమో కోర్టు కాగితమో ఒకటి పుట్టాలి.

2010 ఆగస్టులో ఒప్పందాన్ని 2015 ఏప్రిల్ 30 దాకా పొడిగించారు. అదే సమయంలో ఈ నిబంధన కూడా మారింది. కొత్త రూపంలో మూడు విషయాలు చేరాయి. నేరం జరగకపోయినా సరే, ఆటగాడు అప్రతిష్ఠనో అపహాస్యాన్నో తెచ్చిపెట్టగల ఏ పరిస్థితిలో చిక్కుకున్నా చాలు. కొనుగోలుదారుల్లో అధిక సంఖ్యాకులను దిగ్భ్రాంతికో అవమానానికో గురిచేసే అవకాశం ఉన్నా చాలు. అన్నింటికీ మించి, ఈ విషయంలో కంపెనీ నిర్ణయమే తుది నిర్ణయం. పొడిగింపు సంతకాల వేళ ఏజెంట్ల కళ్లు సాధారణంగా సొమ్ము మీదా కాలవ్యవధి మీదా ఉంటాయి. ఇక్కడ ఆటగాడికి నాలుగున్నరేళ్లకు పైగా భరోసా దొరికింది. ఆ భరోసాను ఎప్పుడైనా తీసేసుకోగల తాళంచెవి అదే సంతకంతో కంపెనీ చేతికి వెళ్లింది.

2011 మే 2న ఒసామా బిన్ లాడెన్ మరణవార్త విని జనం సంబరాలు చేసుకుంటుంటే, ఒక మనిషి చావును పండగ చేసుకునేవారు ఎలాంటివాళ్లని మెండెన్‌హాల్ ట్విటర్‌లో ప్రశ్నించాడు. సెప్టెంబరు 11 దాడుల్లో భవనాలు కూలిన తీరు మీద కూడా అనుమానం వెలిబుచ్చాడు. రెండు రోజుల తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. మే 5న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రవర్తన నిబంధన అయిన 17(ఏ) కింద మే 13 నుంచి ఒప్పందం రద్దు చేయదలిచామన్నది దాని సారం. మే 6న కంపెనీ బహిరంగ ప్రకటన ఇచ్చింది. జులైలో ఆటగాడు పది లక్షల డాలర్లకు పైగా కోరుతూ నార్త్ కరోలినాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు.

మొదటి ఒప్పందంలోని నిబంధనే ఉండుంటే ఈ ట్వీట్లు దాని దరిదాపులకు కూడా వచ్చేవి కావు. అరెస్టు లేదు, నేరం లేదు. 2010లో మారిన మాటలే కంపెనీకి ఆ ఉత్తరం రాసే వీలు కల్పించాయి. ఇంత బలమైన నిబంధన చేతిలో ఉండి కూడా కంపెనీ మొదటి మెట్టులోనే కేసును కొట్టేయించుకోలేకపోయింది. తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది.

నిబంధన ఒకటి చెప్పింది, ప్రకటన మరొకటి చెప్పింది

కంపెనీ వాదన తేలిగ్గానే కనిపిస్తుంది. తుది నిర్ణయం మాదేనని రాసుకున్నాం, నిర్ణయం తీసుకున్నాం, ఇక అడగడానికేముంది? ఒప్పందానికి వర్తించిన న్యూయార్క్ చట్టం ప్రకారం న్యాయమూర్తి 2012 ఫిబ్రవరిలో దీన్ని ఒప్పుకోలేదు. నిర్ణయాధికారం ఒకరికే ఇచ్చినా, ఆ అధికారాన్ని సద్భావంతో వాడాలన్న షరతు ప్రతి ఒప్పందంలోనూ రాయకుండానే ఉంటుంది, కాబట్టి ఇష్టానుసారంగానో హేతువు లేకుండానో వాడకూడదు అన్నారు. అంటే కంపెనీ నిజంగా నిబంధనలో రాసిన కారణంతోనే రద్దు చేసిందా లేక వేరే కారణానికి ఆ నిబంధనను తొడిగిందా అన్నది సాక్ష్యాలతో తేలాల్సిన విషయం.

ఈ అనుమానానికి తావిచ్చింది కంపెనీ సొంత ప్రకటనే. మే 6 ప్రకటనలో ఆటగాడి అభిప్రాయాలు తమ బ్రాండ్ విలువలకు సరిపడవని, వాటితో తాము గట్టిగా విభేదిస్తున్నామని రాశారు. ఆయన నిబద్ధత గల శ్రద్ధావంతుడైన యువ ఆటగాడని మెచ్చుకుని, మంచి జరగాలని కోరుకున్నారు. ఇప్పుడు నిబంధనను ఈ ప్రకటన పక్కనే పెట్టి పోల్చి చూడండి. కంపెనీ విభేదిస్తే రద్దు చేయవచ్చని అందులో ఎక్కడా లేదు. జనంలో అప్రతిష్ఠ కలగాలి, లేదా అధిక సంఖ్యాకులు నొచ్చుకునే అవకాశం ఉండాలి. ప్రకటన రాసినవారికి మర్యాదగా విడిపోవాలన్న ఆలోచన ఉండి ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ అలాంటి మర్యాద వాక్యాలు అవతలి లాయరుకు ఆయుధం కాగలవు. అంత మంచివాడైతే అప్రతిష్ఠ ఎక్కడిదని ఆయన అడగవచ్చు.

మరో రెండు విషయాలు కూడా ఆటగాడికి కలిసొచ్చాయి. ట్వీట్లకు వచ్చిన స్పందనల్లో తనను సమర్థించినవి కూడా ఉన్నాయని ఆయన చూపించాడు. అధిక సంఖ్యాకులు నొచ్చుకున్నారా లేదా అన్నది అప్పుడు ఊహతో తేల్చే ప్రశ్న కాకుండా పోయింది. రెండోది, అదే ఏడాది మార్చిలో ఫుట్‌బాల్ లీగును బానిస వ్యాపారంతో పోలుస్తూ ఆయన చేసిన ట్వీట్ల మీద కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. వివాదాస్పద మాటను ఒకసారి మౌనంగా వదిలేసి, రెండు నెలల తర్వాత మరో మాటకు ఒప్పందం తెంచితే, ఆ మౌనానికి కారణం చెప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ తీర్పు ఆటగాడు గెలిచాడని చెప్పదు. ఆ దశలో న్యాయమూర్తి ఆటగాడి ఆరోపణలను నిజమని అనుకుని, అవి నిజమైతే కేసు నిలుస్తుందా అన్నది మాత్రమే చూస్తారు. నిలుస్తుందని తేల్చారు, అంతే. అయితే కంపెనీకి అదే ఖరీదైన సంగతి. ఆ మెట్టు దాటితే లోపలి ఈమెయిళ్లన్నీ అవతలి పక్షానికి చూపించాల్సి వస్తుంది. వాటిలో మార్కెటింగ్ అధికారి ఎవరైనా ఈ వంకతోనైనా ఈ ఖర్చు వదిలించుకుందామని సరదాగా రాసి ఉంటే, కేసంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ఉత్తరానికి ముందు తయారు కావాల్సిన ఫైలు

అందువల్ల అనుభవం ఉన్న న్యాయ విభాగాలు ఉత్తరం కంటే ముందు ఒక ఫైలు తయారు చేస్తాయి. ఏ తేదీన ఏ పని జరిగింది, కంపెనీకి ఎప్పుడు తెలిసింది, నిబంధనలోని ఏ పదబంధానికి అది సరిపోతుంది అన్నవి దాని మొదటి పేజీలో ఉండాలి. తర్వాత ఆ పదబంధాన్ని నిలబెట్టే ఆధారాలు రావాలి. నిబంధన ప్రజల్లో అప్రతిష్ఠ అంటే పత్రికల వార్తలు, వాటి విస్తృతి. కొనుగోలుదారుల ఆగ్రహం అంటే వినియోగదారుల విభాగానికి వచ్చిన ఫిర్యాదులు, దుకాణాల గొలుసుల నుంచి వచ్చిన ఉత్తరాలు, వీలైతే ఒక శీఘ్ర సర్వే. తమ వాదనకు అనుకూలమైనవే కాకుండా సమర్థించిన స్పందనలను కూడా ఫైలులో పెట్టి, అయినా ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చామో రాయడం మంచిది. సద్భావం అంటే కోర్టు వెతికేది అదే. ఈ కాగితాల మీది తేదీలు ఉత్తరం తేదీకి ముందువై ఉండాలన్నది తేలికైన షరతే. కానీ గడబిడలో ఎక్కువగా తప్పేది కూడా ఇదే. శుక్రవారం ఉత్తరం పంపి సోమవారం ఆధారాలు వెతకడం మొదలుపెడతారు.

పని జరిగినట్టు నిర్ధారణ కాకపోతే సంగతేమిటి? ఆరోపణ మాత్రమే ఉన్నప్పుడు రద్దు కంటే తాత్కాలిక నిలుపుదల సురక్షితం, కానీ ఆ హక్కు ఒప్పందంలో రాసి ఉండాలి. 2016 మార్చిలో టెన్నిస్ క్రీడాకారిణి మరియా షరపోవా డోపింగ్ పరీక్షలో పట్టుబడ్డానని చెప్పిన వెంటనే నైకీ సంబంధాన్ని నిలిపేస్తున్నామంది, తెంచేస్తున్నామనలేదు. జూన్‌లో విచారణ సంఘం రెండేళ్ల నిషేధం వేసినా ఆమె ఉద్దేశపూర్వకంగా చేయలేదని తేల్చింది. ఆ కారణం చూపించి నైకీ సంబంధాన్ని కొనసాగించింది. అంతకుముందు 2007లో ఇదే కంపెనీ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ విషయంలో, కుక్కల పందేల కేసులో అభియోగాలు వచ్చినప్పుడు జులైలో నిలిపేసి, నేరం ఒప్పుకునే పత్రం కోర్టుకు చేరాక ఆగస్టులో రద్దు చేసింది. రెండుచోట్లా నిలుపుదల కాలం కంపెనీకి నిజానిజాలు తెలిసేదాకా ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది.

నిలుపుదల నిబంధనలో ఒక వాక్యం తరచూ లోపిస్తుంది. నిలిపేసిన కాలపు సొమ్ము పేరుకుంటుందా, లేక ఆ రోజులకు అసలు పుట్టదా? ఆరోపణ వీగిపోతే ఆ కాలపు డబ్బు ఒకేసారి ఇవ్వాలా? రాసి లేకపోతే ఆటగాడి వైపు వాదనకే బలం ఎక్కువ, ఎందుకంటే ఒప్పందం బతికే ఉంది, పని చేయించుకోనన్నది కంపెనీ.

డబ్బు లెక్క

ఇప్పుడు ఊహించిన ఒక ఒప్పందం తీసుకుందాం. ఏడాదికి 48 లక్షలు, నాలుగు సమాన విడతల్లో, ప్రతి మూడు నెలల మొదటి తేదీన ముందుగా చెల్లించాలి. అంటే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1న తలా 12 లక్షలు. ఏడాదికి నాలుగు రోజుల చిత్రీకరణ. పెద్ద పోటీ గెలిస్తే 5 లక్షల బోనస్, గెలిచిన 60 రోజుల్లోపు ఇవ్వాలి. ఆటగాడు జూన్ 30న గెలిచాడు. ఆగస్టు 10న రచ్చ జరిగింది. ఆగస్టు 20న తక్షణ రద్దు ఉత్తరం అందింది. అప్పటికి మూడు విడతలు, అంటే 36 లక్షలు, ఇచ్చేశారు. మూడు రోజుల చిత్రీకరణ కూడా అయిపోయింది.

అక్టోబరు 1 నాటి 12 లక్షల సంగతి తేలికే. ఆ రోజుకు ఒప్పందం లేదు, కాబట్టి ఆ విడత పుట్టనే లేదు. ఆపిన చెల్లింపు అని కంపెనీ ధైర్యంగా చెప్పగలిగేది నిజానికి ఇదొక్కటే.

బోనస్ ఇందుకు విరుద్ధం. గెలుపు జూన్ 30న జరిగిపోయింది, సంపాదన అప్పుడే పూర్తయింది. ఆగస్టు 29 చెల్లింపు గడువు మాత్రమే. ఒప్పందం మధ్యలో ముగిసినంత మాత్రాన ముందే సంపాదించుకున్న సొమ్ము పోదు, పోతుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప. లెక్కల విభాగంలో జరిగే మామూలు పొరపాటు ఇక్కడే కనిపిస్తుంది. న్యాయ విభాగం చెల్లింపులు ఆపండి అని ఒక్క ముక్క పంపుతుంది. వాళ్లు ఆటగాడి పేరిట ఉన్న ఖాతాను మొత్తంగా బిగించేస్తారు. బోనస్‌తో పాటు చిత్రీకరణకు వచ్చిన ప్రయాణ ఖర్చుల బిల్లు కూడా ఆగిపోతుంది. ఇప్పటిదాకా తప్పంతా ఆటగాడిది. ఈ క్షణం నుంచి కంపెనీ కూడా బాకీదారే.

అసలు చిక్కు జులైలో ముందుగా ఇచ్చిన 12 లక్షల దగ్గర ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా 92 రోజులు. ఉత్తరం అందిన ఆగస్టు 20 దాకా 51 రోజులు గడిచాయి, 41 మిగిలాయి. రోజుల లెక్కన తిరిగి రావాల్సింది 12 లక్షల్లో 92కు 41 వంతు, సుమారు 5.35 లక్షలు. రద్దు తేదీ కాదు, తప్పు జరిగిన తేదీ నుంచి లెక్కించాలని నిబంధనలో ఉంటే, ఆగస్టు 10 తర్వాత 51 రోజులు మిగులుతాయి, మొత్తం 6.65 లక్షలకు చేరుతుంది. ఆటగాడి లాయరు మూడో లెక్క తెస్తాడు. ఏడాది ఫీజు నాలుగు రోజుల చిత్రీకరణకే, మూడు రోజులు అయ్యాయి, 36 లక్షలు ముట్టాయి, సరిగ్గా సరిపోయింది, తిరిగి ఇవ్వాల్సింది సున్నా. మూడు లెక్కలూ తర్కానికి నిలిచేవే. ఏది చెల్లుతుందన్నది ఫీజు దేనికి ఇస్తున్నారని ఒప్పందం చెప్పిందో దాని మీద ఆధారపడుతుంది. పేరు, ముఖం వాడుకునే హక్కుకు అంటే రోజుల లెక్క నిలుస్తుంది. సేవలకు అంటే పని లెక్క నిలుస్తుంది. రెండూ కలిపి ఒకే మొత్తం రాసి, ఎంతెంతో విడగొట్టని ఒప్పందాలే ఎక్కువ.

తిరిగి రావాల్సిన 5.35 లక్షలను ఇవ్వాల్సిన 5 లక్షల బోనస్‌తో చెల్లుకు చెల్లు పెట్టుకుంటే సరిపోదా అని లెక్కల అధికారికి తోస్తుంది. అలా చేయడానికి ఒప్పందంలో సర్దుబాటు హక్కు రాసి ఉండాలి. లేకపోతే వివాదంలో ఉన్న సొమ్మును వివాదం లేని బాకీ నుంచి సొంతంగా కోసుకున్నట్టవుతుంది. బోనస్ చెల్లించి, తిరిగి రావాల్సిన దాన్ని విడిగా అడగడం అప్పటికి నష్టంగా కనిపించినా, తర్వాత కోర్టులో కంపెనీ చేతులు శుభ్రంగా ఉంటాయి.

ఆపిన డబ్బును ఏం చేయాలన్నది కూడా కొన్నిసార్లు ప్రశ్న అవుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో పెట్రోలు బంకు దగ్గర దోపిడీ జరిగిందని అబద్ధపు కథ చెప్పిన ఈతగాడు రయన్ లాక్టీని వదులుకుంటూ స్పీడో అమెరికా విభాగం, ఆయన ఫీజులోంచి 50,000 డాలర్లను బ్రెజిల్ పిల్లల కోసం సేవ్ ద చిల్డ్రన్ సంస్థకు ఇచ్చింది. సొమ్ము మిగుల్చుకోవడానికే తెంచారన్న మాట రాకుండా చూసుకునే పద్ధతి ఇది. సద్భావాన్ని ప్రశ్నించినప్పుడు కూడా పనికొస్తుంది.

వరస తప్పితే

చెల్లింపు ముందు ఆగి, ఉత్తరం తర్వాత వెళ్తే జరిగే నష్టం చాలామంది ఊహించరు. పై ఒప్పందంలోనే రచ్చ జూన్ 25న జరిగిందనుకుందాం. మార్కెటింగ్ వాళ్లు వెంటనే లెక్కల విభాగానికి చెప్పి జులై 1 విడత ఆపించారు. పెద్దల సమావేశాలు, లాయరు అభిప్రాయం అన్నీ అయ్యేసరికి ఉత్తరం జులై 20న వెళ్లింది. మధ్యలోని ఆ 19 రోజుల్లో ఒప్పందం పూర్తిగా బతికే ఉంది. జులై 1 నుంచి కంపెనీ బాకీ పడింది. చురుకైన ఏజెంటు జులై 3న నోటీసు ఇచ్చి, బాకీ తీర్చడానికి ఒప్పందం ఇచ్చిన 15 రోజుల గడువు 18న ముగిశాక, కంపెనీ చెల్లించలేదు కాబట్టి మేమే రద్దు చేస్తున్నామని 19న ఉత్తరం పంపగలడు. మర్నాడు కంపెనీ ఉత్తరం చేరేసరికి రద్దు చేయడానికి అక్కడ ఒప్పందం లేదు. తప్పు చేసిన ఆటగాడు మిగతా కాలపు సొమ్మును నష్టపరిహారంగా అడిగే స్థానంలోకి వస్తాడు.

దీనికి రెండే మార్గాలు. జులై 1లోపు కనీసం నిలుపుదల నోటీసు వెళ్లాలి. లేదా ఆ విడతను హక్కులు వదులుకోవడం లేదన్న ఒక వాక్యంతో చెల్లించి, తర్వాత తిరిగి అడగాలి. ఆ వాక్యం లేకుండా మామూలుగా చెల్లిస్తే మరో గొయ్యి ఉంది. తప్పు తెలిసీ డబ్బు ఇచ్చారు కాబట్టి దాన్ని మన్నించినట్టే అన్న వాదన వస్తుంది. ఆటగాడి వైపు వాళ్లు పట్టుబట్టి రాయించుకునే షరతు కూడా దీని చుట్టే ఉంటుంది. విషయం తెలిసిన 30 రోజుల్లోపు కంపెనీ హక్కు వాడుకోకపోతే ఆ సంఘటన మీద ఆ హక్కు పోతుంది అన్నది ఆ షరతు.

ఉత్తరం పంపే తీరు మీద కూడా ఒక మాట. నోటీసు నిబంధనలో చిరునామా, పంపాల్సిన పద్ధతి, ప్రతి ఎవరికి పంపాలో ఉంటాయి. ఏజెంటుకు వాట్సాప్ సందేశం పెట్టి, పత్రికలకు ప్రకటన ఇచ్చి, అసలు ఉత్తరం వారం తర్వాత రిజిస్టరు పోస్టులో వెళ్తే, రద్దు అమల్లోకి వచ్చేది ఆ చివరి తేదీనే. డబ్బు లెక్క కూడా అక్కడి నుంచే.

డబ్బు ఆపాక ముఖం వాడకం కూడా ఆగాలి. హోర్డింగులు, యాప్‌లో బొమ్మ, దుకాణంలో నిలువెత్తు అట్ట, మరో దేశంలోని పంపిణీదారు వెబ్‌సైటు, ఇవన్నీ ఒక్క రోజులో దిగవు. రద్దు చేసిన ముప్ఫై రోజులకు కూడా ప్రకటన నడుస్తుంటే ఆటగాడు రెండు రకాలుగా అడగవచ్చు. నా ముఖం మీ సరుకు అమ్ముతూనే ఉంటే అప్రతిష్ఠ ఎక్కడ? అనుమతి ముగిశాక వాడుకున్నందుకు పరిహారం ఎంత? ముఖం అచ్చయిన సరుకు ఇంకా పెద్ద తలనొప్పి. మామూలు ముగింపులో మిగిలిన సరుకు అమ్ముకోవడానికి 90 రోజులో 180 రోజులో ఇస్తారు. ఆ అమ్మకాల మీద రాయల్టీ కూడా నడుస్తుంది. ప్రవర్తన కారణంగా రద్దయినప్పుడు ఈ వెసులుబాటు వర్తిస్తుందా, వర్తిస్తే రాయల్టీ ఇవ్వాలా అన్నది విడిగా రాయకపోతే, చెల్లింపులన్నీ ఆపేశాం అన్న ప్రకటన గోదాములోని సరుకు దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అడిడాస్‌కు ఎదురైంది ఇలాంటిదే. మిగిలిన యీజీ జోళ్లను తగలబెట్టలేక, ఊరికే ఉంచలేక, 2023 మే నుంచి విడతలవారీగా అమ్మి, రాబడిలో కొంత ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకు ఇచ్చారు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల ఒప్పందాల్లో మారేవి

ఇక్కడ ఫీజు కాలానికి కాకుండా పనికి ముడిపడి ఉంటుంది కాబట్టి లెక్క తేలికగా ఉండాలి, కానీ ఉండదు. ఆరు వీడియోల ఒప్పందంలో నాలుగు వచ్చాయి, ఒక్కొక్కటీ 30 రోజులు ప్రజలకు కనిపిస్తూ ఉంటేనే సొమ్ము ఇస్తామని షరతు. నాలుగోది పెట్టిన పన్నెండో రోజున కంపెనీ ఒప్పందం రద్దు చేసి అన్నీ తీసేయమంది. మొదటి మూడింటికి 30 రోజులు నిండాయి, వాటిని తీసేయించినా బాకీ చెరగదు. నాలుగోది 30 రోజులు ఉండకపోవడానికి కారణం కంపెనీ ఆదేశమే. ఒక షరతు నెరవేరకుండా తానే అడ్డుపడి, నెరవేరలేదు కాబట్టి డబ్బివ్వనంటే చెల్లుబాటు కావడం కష్టం. రద్దు కారణంగా తీసేయిస్తే ఎన్ని రోజులు నిలిస్తే ఎంత అన్న లెక్క ముందే రాసుకున్న ఒప్పందాల్లో ఈ తగువు రాదు. ఇక మధ్యలో ఏజెన్సీ ఉంటే, బ్రాండు ఏజెన్సీతోనూ ఏజెన్సీ ఇన్‌ఫ్లుయెన్సర్‌తోనూ విడివిడిగా సంతకాలు చేస్తాయి. పై ఒప్పందంలో ప్రవర్తన నిబంధన ఉండి కింది దాంట్లో లేకపోతే, బ్రాండు ఆపిన డబ్బును ఏజెన్సీ సొంత జేబులోంచి కట్టాల్సి వస్తుంది.

పాత పోస్టుల బెడద కూడా ఇక్కడే ఎక్కువ. ఎనిమిదేళ్ల కిందటి వీడియో ఒకటి ఒప్పందం అయ్యాక పైకి తేలుతుంది. ఒప్పంద కాలంలో ఏదైనా చేస్తే అని నిబంధన రాసి ఉంటే అది దీనికి వర్తించదు, ఎందుకంటే పని జరిగింది అప్పుడు, బయటపడింది ఇప్పుడు. అందుకే జాగ్రత్తపరులు రెండు వేర్వేరు వాక్యాలు రాస్తారు. గతంలో బ్రాండుకు చెడ్డపేరు తెచ్చేదేదీ చేయలేదని హామీ ఒకటి, ఎప్పుడు చేసినా ఒప్పంద కాలంలో బయటపడితే వర్తిస్తుందన్నది మరొకటి. దీనికి ఎదురుగా ఇన్‌ఫ్లుయెన్సర్ వైపు అడగదగ్గ ప్రశ్న ఒకటే. సంతకానికి ముందే అందరికీ కనిపించేలా ఉన్న పోస్టుకు ఈ హక్కు వర్తించకూడదు కదా? కంపెనీ చూడకపోవడం కంపెనీ లోపమే.

నిబంధన మీద బేరమాడే చోట మెండెన్‌హాల్ కేసే మళ్లీ గుర్తొస్తుంది. ఆటగాడి లాయర్లు ముందుగా కొట్టేయించడానికి చూసే మాట, తుది నిర్ణయం కంపెనీదే అన్నది. అది పోకపోతే సహేతుకంగా అన్న ఒక్క పదం చేర్పిస్తారు. అరెస్టు చాలు అన్నచోట అభియోగమో శిక్షో కావాలంటారు, ఎందుకంటే అరెస్టుకు ఒకరి ఫిర్యాదు చాలు. చెడ్డపేరు తేగలది అన్నచోట తెచ్చింది అని మార్పిస్తారు. ఈ చివరిది కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. నష్టం జరిగేదాకా ఆగమంటే ఇక నిబంధన ఎందుకన్నది వాటి వాదన, అందులో న్యాయం ఉంది.

మెండెన్‌హాల్, హేన్స్‌బ్రాండ్స్ 2013 ఆరంభంలో రాజీపడ్డారు. ఆ ట్వీట్లు కొనుగోలుదారుల్లో అధిక సంఖ్యాకులను నొప్పించాయా అన్న ప్రశ్న జ్యూరీ దాకా వెళ్లలేదు.